టీకా వేసిన మందలోకి పారుడు రోగం మళ్లీ ఎలా వస్తుంది

మేకలకూ గొర్రెలకూ సోకే పి.పి.ఆర్. వ్యాధిని కాపరులు పారుడు రోగమంటారు, పుస్తకాలు మేకల ప్లేగు అని కూడా వ్యవహరిస్తాయి. పి.పి.ఆర్. అన్న మూడక్షరాలు ఒక ఫ్రెంచి పేరుకు కుదింపు. చిన్న నెమరు జంతువుల మహామారి అని దానికి అర్థం. ఈ వ్యాధికి కారణమైన వైరస్‌ను విడిగా పరిశీలిస్తే అది చాలా బలహీనమైన శత్రువుగా కనిపిస్తుంది. ఎండకూ వేడికీ అది త్వరగా నశిస్తుంది, దోమలూ గోమార్లూ దానిని మోయవు, రోగం నుంచి కోలుకున్న మేక దానిని జీవితాంతం ఒంట్లో దాచుకొని తిరగదు. వైరస్‌లో నాలుగు వంశాలున్నా రక్షణ విషయంలో అవన్నీ ఒక్కటే కాబట్టి ఒకే టీకా అన్నింటికీ సరిపోతుంది, ఒక్క సూదితో కనీసం మూడేళ్ల రక్షణ వస్తుంది. ఇన్ని అనుకూలతలుండి కూడా, టీకాలు వేస్తున్న ప్రాంతాలలోనే ఈ రోగం మళ్లీ మళ్లీ ఎందుకు తలెత్తుతుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. దానికి జవాబు వైరస్‌లో కన్నా మేకల మంద అమరికలోనూ, ఆ మంద ఏడాది పొడవునా మారిపోయే తీరులోనూ ఎక్కువగా ఉంది.

ఈ వ్యాధిని మొదట 1942లో పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో ఫ్రెంచి పశువైద్యులు గార్గాడెనెక్, లాలాన్ వర్ణించారు. పశువులకు వచ్చే ముసర వ్యాధిని పోలిన రోగం మేకలలో కనిపిస్తూ, పక్కనే ఉన్న ఆవులకు మాత్రం అంటకపోవడం వారు గమనించిన విశేషం. మన దేశంలో 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలకు వచ్చిన రోగం ఇదేనని బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన షైలా బృందం 1989లో ప్రకటించింది. అంతకుముందు అసలు లేదా అంటే, ఉండి ఉండవచ్చు. దక్షిణాదిన జీవాలలో కనిపించిన ఇటువంటి రోగాలను ముసర వ్యాధి ఖాతాలో వేయడం అప్పటి అలవాటు. ఈ రెండు వైరస్‌లూ దగ్గరి చుట్టాలు. మనుషులకు వచ్చే తట్టు, కుక్కలకు వచ్చే డిస్టెంపర్ కూడా ఆ కుటుంబంలోవే. ముసర టీకా మేకను పారుడు రోగం నుంచి సైతం కాపాడేంత దగ్గరితనం వాటి మధ్య ఉండేది కనుక, మేకలకు సొంత టీకా తయారయ్యేవరకు చాలా దేశాలలో దానినే వాడారు. ముసర వ్యాధి నిర్మూలనకు చేరువైన కొద్దీ ఆ టీకాను ఆపివేయవలసి వచ్చింది, 2011లో అది ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఆవులకు దక్కిన విముక్తి మేకలకు పాత అండను దూరం చేసింది.

రోగ లక్షణాలను వరుసలో చూస్తే తప్ప పోల్చుకోవడం కష్టం, ఎందుకంటే ఏ ఒక్క లక్షణమూ ఈ రోగానికి మాత్రమే చెందినది కాదు. వైరస్ ముక్కు, గొంతు మార్గాన ప్రవేశించి మొదట అక్కడి రోగనిరోధక కణాలలో పెరుగుతుంది, అక్కడి నుంచి రక్తం ద్వారా నోరు, ఊపిరితిత్తులు, పేగుల లోపలి పొరలకు చేరుతుంది. ఈ లోపలి ప్రయాణానికి సాధారణంగా నాలుగైదు రోజులు పడుతుంది. ఆ తరువాత ఒక్కసారిగా 104 నుంచి 106 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు జ్వరం వస్తుంది. మేకకు మామూలుగానే 102, 103 డిగ్రీలు ఉంటుంది కనుక చేత్తో తాకి చూసి దీనిని కనిపెట్టలేము. మేత మానడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, మందకు వెనకబడి తల వేలాడేసి నిలబడడం వంటివే కాపరి కంటికి ముందు ఆనుతాయి. ముక్కు నుంచి నీళ్లలా కారే స్రావం ఒకటి రెండు రోజులలో చిక్కబడి పసుపు రంగు చీమిడిగా మారి, ముక్కు రంధ్రాల చుట్టూ పొక్కు కట్టి ఊపిరికి అడ్డు తగులుతుంది. కంటి పుసి ఎండి రెప్పలు ఉదయానికి అతుక్కొని ఉంటాయి.

నోటిలో కనిపించే మార్పు అన్నింటికన్నా విలువైన ఆధారం. జ్వరం వచ్చిన మూడు నాలుగు రోజులకు, కింది పళ్ల మొదట్లో ఉన్న చిగురు ఎర్రబడి, దాని మీద రవ్వంత పరిమాణంలో బూడిద రంగు చుక్కలు పుడతాయి. అవి పెరిగి ఒకదానితో ఒకటి కలిసి పై చిగురు మీదికి, అంగుడి మీదికి, బుగ్గల లోపలి ముళ్లవంటి మొటిమల మీదికి, నాలుక మీదికి పాకుతాయి. చనిపోయిన పొర తెల్లని మీగడలా నోరంతా కప్పుతుంది. మేక నోరు తెరవనివ్వదు, ఎందుకంటే తెరిస్తే నొప్పి. ఈ దశలో పశువైద్యుడు చేసే పరీక్షకు ఏ పరికరమూ అక్కరలేదు: తొడుగు వేసుకున్న వేలితో చిగురునూ అంగుడినీ మెల్లగా రుద్ది బయటికి తీస్తే, వేలికి చిరిగిన పొర తునకలు అంటుకొని, కుళ్లిన వాసన గుప్పున కొడుతుంది. పరీక్ష పూర్తయ్యాక ఆ చేతిని కడగకుండా పక్క మేక నోట పెట్టకూడదన్నది చెప్పనక్కరలేని సంగతే అయినా, తొందరలో మరిచిపోయే సంగతి కూడా.

పుండ్లు పడిన రెండు మూడు రోజులకు పారుడు మొదలవుతుంది, తెలుగు పేరు ఈ దశ నుంచే వచ్చింది. పేడ పెంటికలుగా కాకుండా నీళ్లలా, దుర్వాసనతో, ఒక్కోసారి రక్తపు చారలతో పడుతుంది. తోకా వెనక కాళ్లూ తడిసి ముద్దవుతాయి, కళ్లు లోపలికి పోతాయి. దానితో పాటే దగ్గు, డొక్కలెగరేసి ఊపిరి తీయడం కనిపిస్తాయి. చూడి మేకలు ఈసుకుపోతాయి. జ్వరం వచ్చిన ఐదు నుంచి పది రోజులలో మరణం సంభవిస్తుంది. ఆ గడువు దాటిన మేక మెల్లగా తేరుకుంటుంది, తేరుకున్న దానికి ఈ రోగం మళ్లీ రాదు. ఇదివరకు రోగం గాని టీకా గాని ఎరుగని మందలో దాదాపు అన్ని మేకలూ జబ్బు పడి, పదింట తొమ్మిది వరకు చనిపోవచ్చు. రోగం ఏళ్లుగా మసలుతున్న ప్రాంతాలలో నష్టం అంతకన్నా తక్కువగా ఉండి, అందులోనూ నాలుగు నెలలు దాటిన పిల్లల మీద ఎక్కువ పడుతుంది. ఆ వయసే ఎందుకన్నది టీకా ప్రస్తావనలో మళ్లీ వస్తుంది.

చాలా మేకలను చంపేది నేరుగా వైరస్ కాదు. అది తెల్లకణాలను దెబ్బతీసి నిరోధక శక్తిని కొన్ని వారాల పాటు అణచివేస్తుంది కనుక, అంతవరకు ముక్కులో నిరపాయంగా ఉన్న పాశ్చురెల్లా వంటి బ్యాక్టీరియా ఊపిరితిత్తులలోకి దిగి న్యుమోనియా తెస్తుంది, పేగులలోని పరాన్నజీవులు విజృంభిస్తాయి. యాంటీబయాటిక్ సూదితో కొన్ని మేకలు బతకడానికి కారణం ఇదే. వైరస్ మీద పనిచేసే మందు లేదు. ఆ సూదితో రెండు బతికాయి కనుక ఇది గురక రోగమో మరొకటో అయి ఉంటుందని తేల్చుకోవడం మాత్రం పొరపాటు, అది తరచుగా జరిగే పొరపాటు. నీలి నాలుకలో మూతి వాచి గిట్టల మొదళ్లు ఎర్రబడతాయి, గాలికుంటులో కుంటుతనం ఉంటుంది, మూతిపుండ్ల వ్యాధిలో పెదవుల మీద పొక్కులు కడతాయి గాని ప్రాణాల మీదికి రావడం అరుదు, చిటుకు రోగంలో నిన్నటి వరకు బాగున్న పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. జ్వరం, చీమిడి, నోటి పుండ్లు, పారుడు, దగ్గు అనే ఐదూ ఈ క్రమంలోనే ఒకే మందలో పలు మేకలకు వారం పది రోజుల తేడాలో వస్తూ, పక్క కొట్టంలోని ఆవులూ గేదెలూ నిక్షేపంగా ఉంటే, పారుడు రోగాన్నే ముందు అనుమానించాలి. చనిపోయిన మేకను కోసి చూస్తే పెద్దపేగు చివరి భాగం లోపలి మడతల మీద ఎర్రని చారలు చారల గుర్రం ఒంటిని తలపిస్తూ కనిపించవచ్చు. తుది నిర్ధారణకు మాత్రం కంటి, ముక్కు స్రావాలను దూది పుల్లతో తీసి మంచులో పెట్టి ప్రయోగశాలకు పంపాలి. జ్వరం కొత్తగా వచ్చిన మేక నుంచి తీసినది పనికివస్తుంది. చావుబతుకుల్లో ఉన్నదాన్ని ఎంచుకోవడం సహజమే కాని, అప్పటికి దాని స్రావాలలో వైరస్ తగ్గిపోయి ఉండవచ్చు.

వ్యాప్తి విషయంలో ఒక మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా దాని నుంచే తెలుస్తుంది: ఈ వైరస్ మేక నుంచి మేకకు దాదాపుగా ముఖాముఖిగానే పోతుంది. రోగి దగ్గినా చీదినా వెలువడే తుంపరలు, కన్నీరు, చొంగ, పేడ అన్నింటిలోనూ వైరస్ ఉంటుంది. ఒకే తొట్టిలో మూతి పెట్టడం, ఒకే దొడ్డిలో రాత్రి గడపడం వల్ల అది చేరుతుంది. బయటపడిన వైరస్ ఎండలో కొద్ది గంటలకు మించి నిలవదు కాబట్టి, ఖాళీ దొడ్డి కన్నా కొత్త మేక ఎన్నో రెట్లు ప్రమాదకరం. పైకి లక్షణాలు కనబడకముందే మేక వైరస్‌ను విడుదల చేయడం మొదలుపెడుతుంది. సంతలో చురుకుగా నిలబడి కొమ్మ నములుతున్న మేకే రోగాన్ని మోసుకొస్తుందన్నమాట. ఆవులకూ గేదెలకూ ఈ వైరస్ సోకి రక్తంలో ప్రతిరక్షకాలు పుట్టినా, అవి దానిని బయటికి వదలవు గనుక గొలుసు వాటితో తెగిపోతుంది. మనుషులకు ఇది సోకదు.

ఖమ్మం జిల్లా బోనకల్ ప్రాంతాన్ని ఈ కోణం నుంచి చూస్తే, మేకలు కదిలే దారులు పటంలో గీతలు గీసినట్టు కనబడతాయి. కాజీపేట, విజయవాడల మధ్య రైలు మార్గం మీద, ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరగా, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న మండలమిది. పత్తి, మిరప, వరి ఉన్నన్నాళ్లూ చేలలోకి జీవాలకు ప్రవేశముండదు, గట్లూ కాలువ కట్టలూ బంజర్లే వాటికి దిక్కు. పంట తీశాక అదే చేలలో ఎరువు కోసం మందలు కట్టించుకునే ఆనవాయితీ తెలుగు పల్లెలలో ఎప్పటి నుంచో ఉంది, ఎక్కడెక్కడి మందలో అప్పుడు పక్కపక్కన రాత్రులు గడుపుతాయి. ఈశాన్యంగా కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోయే కొద్దీ అడవి మొదలవుతుంది, కోయ గూడేలలో ఇంటికి నాలుగైదు మేకలుంటాయి, గోదావరి అవతల కొద్ది దూరంలోనే ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. మైదానపు మందకూ గూడెం మేకకూ నేరుగా సంబంధం లేనట్టే ఉంటుంది. సంత ఆ సంబంధం కలుపుతుంది, వలస మంద కలుపుతుంది, జాతర కలుపుతుంది. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరకు వేటల కోసం మేకలు ఎన్ని దిక్కుల నుంచి తరలివెళ్తాయో అందరికీ తెలిసిందే. కోతకు పోయిన మేకతో పేచీ లేదు. అమ్ముడుపోక మందకు తిరిగొచ్చిన మేకతోనే చిక్కు.

టీకా కథకు వస్తే, ఇప్పుడు మన దేశంలో ప్రధానంగా వాడుతున్న టీకా హిమాచల్ ప్రదేశ్‌లోని సుంగ్రిలో దొరికిన వైరస్ నుంచి తయారైంది. ముక్తేశ్వర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వైరస్‌ను గాజుసీసాల్లోని కణాలలో దాదాపు 60 తరాల పాటు పెంచి, రోగం కలిగించే శక్తి పోయి రక్షణ కలిగించే గుణం మాత్రమే మిగిలేలా చేశారు. సుంగ్రి 96 అని దాని పేరు. అరసూరులో దొరికిన వైరస్ నుంచి కూడా తమిళనాడులో ఒక టీకా తయారైంది. హైదరాబాదు శాంతినగర్‌లోని రాష్ట్ర పశు టీకాల సంస్థ పి.పి.ఆర్. టీకాను ఉత్పత్తి చేస్తుంది. ఇది బతికున్న వైరస్ టీకా అన్నదే దాని బలమూ బలహీనతా. ఎండబెట్టిన పొడి రూపంలో 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య అది భద్రంగా ఉంటుంది, ద్రావణంలో కలిపిన క్షణం నుంచి చావడం మొదలుపెడుతుంది. అందుకే కలిపిన సీసాను మంచు డబ్బాలో నీడన ఉంచి గంటా రెండు గంటలలో వాడేయాలి. మోతాదు ఒక మిల్లీలీటరు, మెడ దగ్గర చర్మం కింద వేస్తారు. సిరంజిని స్పిరిటుతో గాని మందులతో గాని తుడిస్తే లోపలి వైరస్ చస్తుంది, మరిగించిన నీళ్లు మాత్రమే వాడాలి. వంద మోతాదుల సీసా విప్పి, ముప్పై మేకలున్న ఇంటి ముందు ముప్పై మోతాదులు వాడి, తక్కిన డెబ్బైని మధ్యాహ్నపు ఎండలో పక్క ఊరికి మోసుకుపోతే అక్కడ వేసేది ఉప్పునీళ్లతో సమానం. లెక్కల పుస్తకంలో అవి డెబ్బై టీకాలుగానే నమోదవుతాయి.

టీకా వేసిన నాటి నుంచి రక్షణ కుదురుకోవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఈ చిన్న సంగతి పల్లెలలో పెద్ద అపవాదుకు కారణమవుతున్నది. ఊరిలో రోగం మొదలయ్యాక హడావుడిగా టీకా వేస్తే, అప్పటికే వైరస్ సోకి లోపల మగ్గుతున్న మేకలు ఆ వారంలోనే జబ్బు పడతాయి, టీకా వేయడం వల్లనే చచ్చాయన్న మాట పుడుతుంది, మరుసటి ఏడు ఆ కాపరి మందను వేకువనే అడవికి తోలుకుపోతాడు. ఒకే సూదితో రోగి మేకకూ మంచి మేకకూ పొడిస్తే ఆ అపవాదులో కొంత నిజం కూడా చేరుతుంది. రోగం వచ్చిన మందను వదిలి దాని చుట్టుపక్కల ఊళ్లకు ముందుగా టీకా వేస్తూ లోపలికి రావాలన్న నియమం వెనక ఉన్న అనుభవం ఇదే. చూడి మేకలకు వేయిస్తే ఈసుకుపోతాయన్న భయం కూడా ప్రచారంలో ఉంది. సుంగ్రి 96 టీకాను చూడి జీవాలపై పరీక్షించి సురక్షితమని తేల్చారు కాబట్టి, జాగ్రత్త పడవలసింది టీకా గురించి కన్నా పట్టుకొని పడేసే పద్ధతి గురించి.

పిల్లల వయసు దగ్గర అసలు ముడి ఉంది. టీకా వేసిన తల్లి, లేదా రోగం వచ్చి కోలుకున్న తల్లి, జున్నుపాల ద్వారా తన ప్రతిరక్షకాలను పిల్లకు ఇస్తుంది. మూడు నాలుగు నెలల వరకు ఆ అరువు రక్షణ నిలుస్తుంది, అది ఉన్నన్నాళ్లూ టీకాలోని వైరస్‌ను కూడా చంపేస్తుంది. ముందుగా వేస్తే టీకా వృథా, ఆలస్యంగా వేస్తే మధ్యలో పిల్ల నిరాయుధంగా మిగులుతుంది. అందుకే నాలుగు నెలల వయసు గీటురాయిగా స్థిరపడింది, రోగమున్న ప్రాంతాలలో ఆ వయసు దాటిన పిల్లలే ఎక్కువగా పోవడానికి కారణమూ ఇదే.

ఈ ముడి మందలో ఎలా బిగుసుకుంటుందో ఒక ఊహా లెక్కలో చూడవచ్చు. బోనకల్ మైదానంలో ఒక కాపరికి జూలైలో 60 మేకలున్నాయనుకుంటే, వాటిలో 36 పెద్దవి, 10 నాలుగు నెలలు దాటిన పిల్లలు, 14 అంతకన్నా చిన్నవి. టీకా బృందం వచ్చి అర్హమైన 46 మేకలకూ వేసింది, రెండింటికి టీకా పట్టలేదు, 44 రక్షణ పొందాయి. 60లో 44 అంటే 73 శాతం. రోగం పాకకుండా ఆగాలంటే మందలో కనీసం 70 శాతానికి రక్షణ ఉండాలని నిర్మూలన ప్రణాళికలు లెక్కిస్తాయి కనుక ఆ రోజు మంద సురక్షితమే. తరువాతి మార్చి నాటికి పండుగలకూ పెళ్లిళ్లకూ ఇంటి అప్పులకూ కలిపి, టీకా వేసిన వాటిలో 16 అమ్ముడుపోయాయి. అమ్ముడుపోయేది ఎప్పుడూ ఎదిగిన మేకే, అంటే టీకా వేసిన మేకే. నాడు చిన్నవైన 14లో 6 పోతుపిల్లలు సంతకు పోగా 8 మిగిలాయి, వాటికి టీకా లేదు. కొత్తగా 20 పిల్లలు పుట్టాయి, సంత నుంచి 4 వచ్చాయి. మొత్తం 62 మేకలు. రక్షణ ఉన్నవి 28, అంటే 45 శాతం. కొత్త పిల్లలలో సగానికి తల్లిపాల రక్షణ ఉందనుకున్నా 61 శాతమే, అదీ కొద్ది వారాల భాగ్యం. ఎవరి తప్పూ లేకుండా, ఒక్క టీకా కూడా చెడిపోకుండా, ఎనిమిది నెలలలో గోడ కూలిపోయింది.

అదే మందకు నవంబరులో ఇంకొకసారి, కేవలం నాలుగు నెలలు దాటిన పిల్లల కోసమూ కొత్తగా కొన్న వాటి కోసమూ బృందం వచ్చి ఉంటే, 12 మోతాదులతో పని ముగిసేది. మార్చిలో టీకా రక్షణ ఉన్నవి 40కి, అంటే 65 శాతానికి చేరేవి, తల్లిపాల రక్షణ ఉన్న పిల్లలను కలిపితే 81 శాతం. పెద్ద మేకలన్నింటికీ ఏటేటా మళ్లీ సూది వేయడం కన్నా ఈ పన్నెండు సూదుల విలువ ఎక్కువ, ఎందుకంటే పెద్దవాటి రక్షణ మూడేళ్లయినా చెక్కుచెదరదు. కార్యక్రమాల పనితీరును వేసిన మోతాదుల సంఖ్యతో కొలిచే అలవాటులోని లోపం ఇక్కడే బయటపడుతుంది: మళ్లీ పెద్దవాటికే వేస్తే సంఖ్య పెరుగుతుంది, పిల్లల కోసం గడపగడపకూ తిరిగితే సంఖ్య చిన్నదవుతుంది.

జాతీయ ప్రణాళికకు ఈ సంగతి తెలియకపోలేదు. 2010లో మొదలైన జాతీయ పి.పి.ఆర్. నియంత్రణ కార్యక్రమం తొలి విడతలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా దక్షిణాది రాష్ట్రాలను చేర్చుకొని, తరువాత దేశమంతటికీ విస్తరించింది. ఉన్న జీవాలన్నింటికీ ఒకసారి, ఆపైన పుట్టే మూడు తరాల పిల్లలకూ టీకా వేయాలన్నది దాని మూల సూత్రం. 2015లో ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్‌లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కలిసి ప్రకటించిన నిర్మూలన వ్యూహం కూడా ఇదే దారిలో వరుసగా రెండేళ్లు అన్నింటికీ, ఆ తరువాత కొత్త పిల్లలకు మాత్రమే వేయాలని చెప్పి, 2030ని గడువుగా పెట్టుకుంది. తొలి రోగం కనిపించిన దేశంలోనే దాని నిర్మూలనకు ముహూర్తం పెట్టడంలో కొంత ఔచిత్యముంది. కర్ణాటకలోనూ ఛత్తీస్‌గఢ్‌లోనూ విస్తృతంగా టీకాలు వేసిన తరువాత రోగం ప్రబలడం గణనీయంగా తగ్గింది. గోదావరి అవతల రోగం తగ్గడం భద్రాచలం వైపు మేకలకు నేరుగా మేలు చేసే విషయం, ఎందుకంటే వైరస్‌కు రాష్ట్ర సరిహద్దు కనబడదు గాని టీకా బృందానికి కనబడుతుంది. ఇరువైపులా వేర్వేరు నెలలలో టీకాలు వేస్తే, ఈ ఒడ్డున రక్షణ పలచబడిన కాలంలో ఆ ఒడ్డు నుంచి మేకలు రావచ్చు.

మేకల రాకపోకలను లెక్కలోకి తీసుకోని టీకా పథకం చిల్లుకుండతో నీళ్లు తోడడమే. తెలంగాణలో 2019 పశుగణన ప్రకారం సుమారు 1.91 కోట్ల గొర్రెలు, 49 లక్షల మేకలు ఉన్నాయి. గొర్రెల సంఖ్య ఇంతగా పెరగడం వెనక 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం పాత్ర ఉంది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఒక యూనిట్‌గా, 75 శాతం రాయితీతో, పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చి ఇచ్చారు. ఆర్థికంగా దాని మంచిచెడ్డలు వేరే చర్చ. రోగ వ్యాప్తి దృష్ట్యా చూస్తే, ఎక్కడెక్కడి జీవాలో లారీలలో కలిసి ప్రయాణించి, అలసిపోయి, కొత్త ఊళ్లలో పాత మందలతో కలవడం ఈ వైరస్‌కు ఇంతకన్నా అనుకూలంగా అమర్చలేనంతటి ఏర్పాటు. కొనడానికి కనీసం రెండు వారాల ముందే టీకా వేసి ఉండడం, తెచ్చిన తరువాత మూడు వారాల పాటు విడిగా ఉంచడం అనే రెండు షరతులు పాటిస్తే ప్రమాదం చాలావరకు తొలగుతుంది. గడువు మూడు వారాలెందుకంటే, లోపల మగ్గే కాలం, రోగం బయటపడే కాలం రెండూ అందులో ముగుస్తాయి. నాలుగు మేకలున్న ఇంట్లో మూడు వారాలు విడిగా కట్టేసే చోటు దొరకడం కష్టమే. పగలు వేరుగా మేపి రాత్రి ఒకే దొడ్డిలో తోలితే విడిగా ఉంచినట్టు కాదు. 2024లో గ్రీసు, రొమేనియా దేశాలలోకి ఈ రోగం హఠాత్తుగా ప్రవేశించినప్పుడు అక్కడి ప్రభుత్వాలు మొదట ఆపింది జీవాల రవాణానే. అక్కడ రోగం వచ్చిన మందలను వధించి గొలుసు తెంపారు. మన పల్లెలలో అది ఊహించలేని మార్గం కనుక టీకా మీద పడే బరువు రెట్టింపవుతుంది.

టీకా వేసిన మేకను గుర్తించడం మరొక సమస్య. చెవికి 12 అంకెల పోగు వేసి భారత్ పశుధన్ నమోదులో చేర్చే పద్ధతి ఇప్పుడు ఉంది. ఆవుకూ గేదెకూ అది బాగా కుదిరింది. మేక ముళ్ల కంపల్లో తల దూర్చి ఆకులు తెంపే జంతువు కాబట్టి పోగు చిక్కుకొని చెవి చీలడం, పోగు ఊడిపోవడం తప్పవు, కాపరి అయిష్టతకు ఇదొక న్యాయమైన కారణం. రక్తపరీక్షతో తేల్చుదామంటే, ఇప్పటి టీకా వల్ల పుట్టిన ప్రతిరక్షకాలకూ అసలు రోగం వల్ల పుట్టిన వాటికీ తేడా చూపే పరీక్ష వాడుకలో లేదు. రక్తంలో ప్రతిరక్షకాలున్న మేకను చూసి టీకా పనిచేసిందని సంతోషించాలో, వైరస్ ఊరిలో తిరుగుతోందని కంగారుపడాలో చెప్పలేని స్థితి అది.

ఈ సందిగ్ధాన్ని దాటడానికి నిఘా బృందాలు పిల్లలనే ఆశ్రయిస్తాయి. తల్లిపాల రక్షణ పూర్తిగా కరిగిపోయే ఆరు నెలల వయసు దాటి, ఇంకా టీకా పడని, ఆ ఊరిలోనే పుట్టిన పిల్లల రక్తం తీస్తారు. వాటిలో ప్రతిరక్షకాలుంటే అవి ఎవరూ వేయనివి, వైరస్ స్వయంగా వేసి వెళ్లినవి. జబ్బు పడిన మేక ఒక్కటీ కనిపించకపోయినా ఆ ఊరు ఇంకా రోగం ఉన్న ఊరే. ఒకే ఊరిలో ఇటువంటి పిల్ల ఒక్కటి తేలినా, దాని తల్లి ఎక్కడిది, గత ఆరు నెలలలో ఆ దొడ్డికి ఏ సంత నుంచి ఏ మేక వచ్చింది, ఏ వలస మంద పక్కన అది మేసింది అని వెనక్కి నడవాలి. ఆవుల రక్తం కూడా ఇక్కడ సాక్ష్యంగా పనికివస్తుంది, ఎందుకంటే వాటికి పి.పి.ఆర్. టీకా వేయరు, ముసర టీకా ఆగిపోయి ఏళ్లయింది కనుక పాత ప్రతిరక్షకాలతో గందరగోళమూ లేదు. మేకల పక్క కొట్టంలో కట్టేసిన ఆవు రక్తంలో ఈ వైరస్ గుర్తులు దొరికితే, ఆ గోడకు ఇవతల ఎప్పుడో ఒక రోగి మేక దగ్గిందన్నమాట.